ఒకే పెగ్గు, రెండు శరీరాలు



ఒకే సీసాలోంచి, ఒకే కొలతతో పోసిన మద్యం ఇద్దరు తాగితే ఇద్దరి ఒంట్లోనూ ఒకే పని చేయాలి కదా అని చాలామంది అనుకుంటారు. అలా చేయదు. ఆ ఇద్దరిలో ఒకరు ఆడ, ఒకరు మగ అయితే తేడా ఇంకా స్పష్టంగా కనిపిస్తుంది. సాధారణంగా ఆమెకు కైపు ముందు ఎక్కుతుంది, ఆలస్యంగా దిగుతుంది. దానికి మన చుట్టూ వినిపించే కారణాలు వేరు. ఆడవాళ్లకు అలవాటు ఉండదంటారు, గుండె నిబ్బరం తక్కువంటారు, మగవాడికైతే కెపాసిటీ ఉంటుందంటారు. తూలిన ఆడమనిషి గురించి నలుగురు నాలుగు మాటలు అంటారు. తూలని మగవాడిని మెచ్చుకుంటారు. ఈ రెండు తీర్పులకూ ఆధారం లేదు. తేడా ఎక్కడుందో, ఎంత ఉందో లెక్క కట్టి చెప్పవచ్చు. ఆ లెక్క పెద్ద చదువు అక్కర్లేనంత సులువైనది. ఈ పూట దాన్ని మీ ముందు పెడతాను.

మన దగ్గర ఆడవాళ్లు తాగడం కొత్త సంగతేమీ కాదు. తెలంగాణ పల్లెల్లో పండగకూ పబ్బానికీ, పొలం పని ముగిశాక, ఆడా మగా కలిసి కల్లు తాగడం పాత అలవాటే. ఏజెన్సీ గూడేల్లో జీలుగు కల్లు, ఇప్పసారా ఉన్నాయి. నగరాల్లో ఆఫీసు విందుల్లో బీరు, వైను ఉన్నాయి. తాగడం మంచిదా చెడ్డదా అన్న చర్చ ఎంతైనా చేసుకోవచ్చు. కానీ తాగేవాళ్లకు తమ ఒంట్లో ఏం జరుగుతుందో తెలియకపోవడం మాత్రం ఏ రకంగానూ మంచిది కాదు.

ముందుగా ఒక పెగ్గులో అసలు ఎంత ఆల్కహాల్ ఉందో చూద్దాం. మన దేశంలో అమ్మే విస్కీ, బ్రాందీ, రమ్ముల సీసాల మీద చాలావరకు 42.8 శాతం అని ఉంటుంది. అంటే 100 మిల్లీలీటర్ల సరుకులో 42.8 మిల్లీలీటర్లు ఆల్కహాల్. పెద్ద పెగ్గు అంటే 60 మిల్లీలీటర్లు. అందులో ఆల్కహాల్ 26 మిల్లీలీటర్లకు కాస్త తక్కువ ఉంటుంది. ఆల్కహాల్ నీటికంటే తేలిక కనుక తూకం వేస్తే అది సుమారు 20 గ్రాములు. ఈ 20 గ్రాముల అంకె గుర్తుంచుకోండి, మళ్లీ మళ్లీ వస్తుంది. సోడా కలిపినా, నీళ్లు కలిపినా, ఐసు వేసినా ఆ 20 గ్రాములు 20 గ్రాములే.

బీరు సంగతి కూడా ఒక్క మాటలో చెప్పుకుందాం. పెద్ద సీసా 650 మిల్లీలీటర్లు. 5 శాతం బీరైతే అందులో సుమారు 25 గ్రాముల ఆల్కహాల్ ఉంటుంది. 8 శాతం ఉండే స్ట్రాంగ్ బీరైతే 41 గ్రాములు. అంటే ఒక స్ట్రాంగ్ బీరు సీసా రెండు పెద్ద పెగ్గులతో సమానం. బీరే కదా అని తేలిగ్గా తీసుకునేవాళ్లు ఈ లెక్క ఒకసారి చూసుకోవాలి.

ఇప్పుడు ఆ 20 గ్రాములు ఒంట్లోకి వెళ్లి ఎక్కడ చేరతాయి? ఆల్కహాల్ నీటిలో బాగా కలుస్తుంది. కొవ్వులో దాదాపు కలవదు. కడుపులోంచి, ముఖ్యంగా చిన్నపేగుల్లోంచి, రక్తంలోకి వెళ్లి, రక్తంతో పాటు ఒళ్లంతా తిరిగి, నీరు ఎక్కడుంటే అక్కడ చేరుతుంది. కండరాల్లో చేరుతుంది, మెదడులో చేరుతుంది, కాలేయంలో చేరుతుంది. కొవ్వు పొరల్లోకి మాత్రం చాలా కొద్దిగా వెళ్తుంది. కాబట్టి రక్తంలో ఆల్కహాల్ ఎంత గాఢంగా ఉంటుందన్నది తాగిన గ్రాముల మీదా, ఆ మనిషి ఒంట్లో ఉన్న నీటి మీదా ఆధారపడుతుంది. ఒకే చెంచా ఉప్పు పెద్ద గిన్నెడు చారులో వేస్తే ఒక రుచి, చిన్న గిన్నెడు చారులో వేస్తే ఇంకో రుచి. ఉప్పు మారలేదు, చారు మారింది. మన విషయంలో మారేది ఒంట్లోని నీరు.

మగవాళ్ల శరీర బరువులో సగటున 60 శాతం నీరు. ఆడవాళ్ల బరువులో సగటున 50 శాతం. ఈ తేడా ఎందుకంటే, కండరంలో దాదాపు నాలుగింట మూడు వంతులు నీరే ఉంటుంది, కొవ్వులో నీరు చాలా తక్కువ. చిన్నపిల్లల్లో ఆడా మగా మధ్య ఈ తేడా పెద్దగా ఉండదు. ఈడు వచ్చే వయసులో హార్మోన్లు పని మొదలుపెట్టాక మగపిల్లల్లో కండ పెరుగుతుంది, ఆడపిల్లల్లో కొవ్వు పాలు పెరుగుతుంది. కడుపు మోయడానికీ, పాలివ్వడానికీ శరీరం దాచుకునే నిల్వ అది. అందులో లోపమేమీ లేదు, బలహీనత అసలే లేదు. ఆల్కహాల్ విషయానికి వచ్చేసరికి మాత్రం ఆ నిల్వ ఆల్కహాల్‌కు చోటివ్వదు. మొత్తం భారం ఉన్న నీటి మీదే పడుతుంది.

ఇప్పుడు ఒక ఉదాహరణ తీసుకుని అంకెలు వేద్దాం. భార్యాభర్తలిద్దరు ఒక విందుకు వెళ్లారనుకోండి. ఆయన బరువు 70 కిలోలు, ఆమె బరువు 55 కిలోలు. చెరొక పెద్ద పెగ్గు తాగారు. చెరి 20 గ్రాములు. ఆయన ఒంట్లో నీరు 70లో 60 శాతం, అంటే 42 లీటర్లు. ఆమె ఒంట్లో నీరు 55లో 50 శాతం, అంటే 27 లీటర్ల పైచిలుకు. ఆ 20 గ్రాములను ఆ నీటికి పంచి, రక్తంలో సుమారు 80 శాతమే నీరు కనుక ఆ మేరకు తగ్గిస్తే, ఆయన రక్తంలో ప్రతి 100 మిల్లీలీటర్లకు 38 మిల్లీగ్రాముల ఆల్కహాల్ ఉంటుంది. ఆమె రక్తంలో 58 మిల్లీగ్రాములు ఉంటుంది. పెగ్గు ఒకటే. ఆయనకు 38, ఆమెకు 58. ఒకటిన్నర రెట్లు.

ఈ ఒకటిన్నర రెట్లను విడదీసి చూస్తే ఇంకో సంగతి తెలుస్తుంది. ఇందులో ఒక భాగం బరువు వల్ల వచ్చింది. 70 కిలోలకూ 55 కిలోలకూ ఉన్న తేడా ఒక్కటే ఆమె అంకెను 27 శాతం పెంచింది. రెండో భాగం నీటి శాతం వల్ల వచ్చింది, అది 20 శాతం పెంచింది. రెండూ ఒకదాని మీద ఒకటి పడి 53 శాతం అయ్యాయి. అంటే ఆడా మగా తేడాలో పెద్ద వాటా నిజానికి మామూలు బరువుదే. మన ఇళ్లలో భార్య భర్తకంటే పొట్టిగా, తక్కువ బరువుతో ఉండడం ఎక్కువ. అదే బరువున్న చిన్నపాటి మగవాడికి కూడా ఆ మేరకు ఎక్కువ కైపే ఎక్కుతుంది.

మరి ఇద్దరూ సమాన బరువైతే తేడా పోతుందా? పోదు, తగ్గుతుందంతే. ఇద్దరూ 60 కిలోలే అనుకోండి. ఆయన నీరు 36 లీటర్లు, ఆమె నీరు 30 లీటర్లు. ఒక పెగ్గుకు ఆయన అంకె 44, ఆమె అంకె 53. అంటే తూకంలో ఇద్దరూ సమానమైనా, ఆమె రక్తంలో అయిదో వంతు ఎక్కువ ఆల్కహాల్ ఉంటుంది.

ఈ లెక్కకు దారి చూపినవాడు స్వీడన్ దేశంలో లుండ్ విశ్వవిద్యాలయంలో పనిచేసిన ఎరిక్ విడ్‌మార్క్ అనే శాస్త్రవేత్త. కొద్దిపాటి రక్తంతోనే ఆల్కహాల్ కొలిచే పద్ధతిని ఆయన తయారుచేశారు. మనుషులకు తెలిసిన మోతాదు మద్యం ఇచ్చి, గంటలు గడిచేకొద్దీ రక్తం తీసి కొలిచారు. 1932లో ఆ ఫలితాలన్నీ కలిపి పుస్తకంగా వేశారు. ఆల్కహాల్ ఒళ్లంతా సమానంగా పరుచుకుంటే ఎంత అంకె రావాలో, కొలిస్తే అంతకంటే ఎక్కువ వస్తోందని ఆయన గమనించారు. దాన్నిబట్టి శరీర బరువులో ఎంత భాగం ఆల్కహాల్‌ను పంచుకుంటోందో లెక్క తీశారు. మగవాళ్లలో ఆ భాగం సగటున 0.68, ఆడవాళ్లలో 0.55. మనం ఇందాక నీటితో వేసిన లెక్క ఏ అయిదో వంతు తేడా చూపిందో, ఈ రెండంకెల మధ్య కూడా దాదాపు అదే తేడా ఉంది. ఇవాళ్టికీ చాలా దేశాల్లో కోర్టుల ముందు నిపుణులు ఒక మనిషి ఎంత తాగి ఉంటాడో వెనక్కి లెక్క కట్టాలంటే విడ్‌మార్క్ సూత్రంతోనే మొదలుపెడతారు.

ఇక్కడ ఒక్క విషయం చెప్పాలి. విడ్‌మార్క్ ఆ సగటులు తీసింది 20 మంది మగవాళ్లను, 10 మంది ఆడవాళ్లను పరీక్షించి. మగవాళ్ల సంఖ్యలో ఆడవాళ్లు సగమే. అయినా ఆ అంకెలు నిలబడ్డాయి, తరువాత వచ్చిన కొలతలు వాటిని పెద్దగా మార్చలేదు. కానీ అవి సగటులే. ఏ ఒక్క మనిషికైనా అచ్చంగా అదే అంకె వర్తిస్తుందని అనుకోకూడదు.

నీరు, బరువు చెప్పుకున్నాం. మూడోది ఎంజైమ్. ఆల్కహాల్‌ను విరిచే ముఖ్యమైన ఎంజైమ్ పేరు ఆల్కహాల్ డీహైడ్రోజినేస్. అది ఆల్కహాల్‌ను ఎసిటాల్డిహైడ్ అనే పదార్థంగా మారుస్తుంది. ఈ ఎసిటాల్డిహైడ్ ఆల్కహాల్‌కంటే విషపూరితం. ఇంకో ఎంజైమ్ దాన్ని ఎసిటేట్‌గా మార్చాక శరీరం దాన్ని హాని లేకుండా వాడుకుంటుంది. ఈ పని అత్యధికంగా కాలేయంలో జరుగుతుంది. కానీ ఆల్కహాల్ డీహైడ్రోజినేస్ కొద్దిగా కడుపు లోపలి పొరలో కూడా ఉంటుంది. మద్యం కడుపులో ఉన్న కాసేపట్లో, రక్తంలోకి వెళ్లకముందే, అది కొంత ఆల్కహాల్‌ను విరిచేస్తుంది. అలా కడుపులోనే విరిగిపోయిన ఆల్కహాల్ మెదడు దాకా వెళ్లదు.

కడుపులో ఎంత విరిగిందో ఎలా తెలుస్తుంది? దానికి చక్కని ఉపాయం ఉంది. ఒకే మనిషికి ఒకే మోతాదు ఆల్కహాల్ ఒక రోజు నోటి ద్వారా, ఇంకో రోజు సిర ద్వారా ఇస్తారు. సిర ద్వారా ఇచ్చింది కడుపును తాకదు, పూర్తిగా రక్తంలోకి వెళ్తుంది. నోటి ద్వారా ఇచ్చినప్పుడు రక్తంలో కనిపించినది తక్కువైతే, ఆ తక్కువైనంత మేర దారిలోనే విరిగిందని అర్థం. అమెరికాలో బ్రాంక్స్‌లో పనిచేసిన చార్లెస్ లీబర్, ఇటలీ వైద్యులు కలిసి ఈ పద్ధతిలో చేసిన పరిశోధన 1990లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో వచ్చింది. మద్యానికి బానిస కాని ఆడవాళ్ల కడుపు పొరలో ఆ ఎంజైమ్ చురుకుదనం, అలాంటి మగవాళ్లతో పోలిస్తే, 59 శాతమే ఉందని వాళ్లు చెప్పారు. ఆడవాళ్లలో కడుపు దగ్గర విరిగిపోయే భాగం మగవాళ్లలో విరిగేదానిలో నాలుగో వంతు కూడా లేదు. మద్యానికి బానిసలైనవాళ్లను పరీక్షిస్తే, మగవాళ్లలో ఆ భాగం సగానికి పడిపోయింది, ఆడవాళ్లలో దాదాపు లేకుండాపోయింది.

ఆ వార్త అప్పట్లో లోకమంతా తిరిగింది. ఆడవాళ్లకు కైపు ఎక్కువ ఎందుకు ఎక్కుతుందో చివరికి తేలిపోయిందని పత్రికలు రాశాయి. ఇప్పటికీ చాలా వ్యాసాల్లో ఎంజైమే మొదటి కారణంగా కనిపిస్తుంది. కానీ అది మొదటి కారణం కాదు. ఆ పరిశోధనలో ఇచ్చిన మోతాదు చిన్నది, కిలో బరువుకు 0.3 గ్రాములు. 70 కిలోల మనిషికి అది ఒక పెద్ద పెగ్గంత. మోతాదు పెరిగేకొద్దీ కడుపు ఎంజైమ్ విరిచే వాటా అంతకంతకూ చిన్నదవుతుంది, ఎందుకంటే ఆ ఎంజైమ్ ఉన్నదే కొద్దిగా. ఖాళీ కడుపుతో తాగితే మద్యం కడుపులో నిలవదు. కడుపు కింది ద్వారం తెరుచుకుని నేరుగా చిన్నపేగులోకి జారిపోతుంది. అప్పుడు ఆ ఎంజైమ్‌కు పని చేసే సమయమే దొరకదు. అప్పుడు ఆడా మగా ఎంజైమ్ తేడాకు అర్థమే ఉండదు. అసలు దారిలో విరిగినట్టు కనిపించేదాంట్లో ఎక్కువ భాగం కడుపులో కాక కాలేయంలోనే విరుగుతుందని వాదించిన పరిశోధకులూ ఉన్నారు.

అందుకే ఈ మూడు కారణాలకూ సమాన మార్కులు వేయకూడదు. బరువు, నీరు ప్రతి పెగ్గుకూ పని చేస్తాయి. మొదటి పెగ్గుకూ, నాలుగో పెగ్గుకూ, తిన్నా తినకపోయినా వాటి ప్రభావం ఉంటుంది. కడుపు ఎంజైమ్ మాత్రం కొద్దిగా, నెమ్మదిగా, భోజనంతో తాగినప్పుడే కనిపించే తేడా. భోజనం చేసి తాగితే కైపు తక్కువ ఎక్కుతుందని మన పెద్దలు చెప్పే మాట నిజమే. దానికి ముఖ్య కారణం కడుపు మెల్లగా ఖాళీ కావడం. అది ఆడవాళ్లకూ మగవాళ్లకూ ఇద్దరికీ వర్తిస్తుంది.

ఇప్పుడు కైపు దిగడం గురించి. కాలేయం ఆల్కహాల్‌ను ఒక నిలకడైన వేగంతో విరుస్తుంది. రక్తంలో ఎక్కువ ఉంది కదా అని వేగం పెంచదు. మన ఉదాహరణలోని ఆయన కాలేయం గంటకు 7, 8 గ్రాములు విరుస్తుంది. ఆమె కాలేయం కొంచెం తక్కువగా, 6 గ్రాములకు పైగా విరుస్తుంది. గ్రాముల్లో ఇద్దరి మధ్యా పెద్ద తేడా లేదు. ఆమె ఒంట్లో నీరు తక్కువ కనుక, రక్తంలోని అంకె రూపంలో చూస్తే ఆమెకే కాస్త వేగంగా తగ్గుతుంది. ఆయనకు గంటకు 15 మిల్లీగ్రాముల చొప్పున తగ్గితే ఆమెకు 18 చొప్పున తగ్గుతుంది. ఆడవాళ్ల కాలేయం మద్యాన్ని విరచలేదన్న మాట ఇక్కడ తప్పుతుంది. అంకె తగ్గే వేగం ఆమెకే కొంచెం ఎక్కువ. కానీ ఆమె అంకె మొదలైన చోటు చాలా ఎత్తు.

మన దేశ చట్టం ప్రకారం వాహనం నడిపే వ్యక్తి రక్తంలో 100 మిల్లీలీటర్లకు 30 మిల్లీగ్రాములకు మించి ఆల్కహాల్ ఉంటే నేరం. మోటారు వాహనాల చట్టం 185వ సెక్షన్ అది. ఇప్పుడు మన జంటను ఆ గీత దగ్గర నిలబెట్టి చూద్దాం. ఆయన 38 నుంచి గంటకు 15 చొప్పున దిగితే అరగంటలో 30కి వస్తారు. ఆమె 58 నుంచి గంటకు 18 చొప్పున దిగితే 30కి రావడానికి గంటన్నర పైన పడుతుంది. తాగింది ఒక్క పెగ్గు. గీతకు పైన ఉన్న కాలం ఆమెకు ఆయన కంటే మూడు రెట్లు. పూర్తిగా సున్నాకు రావడానికి ఆయనకు రెండున్నర గంటలు, ఆమెకు మూడు గంటల పైన.

రెండో పెగ్గు పడితే తేడా ఇంకా విస్తరిస్తుంది. వెంటవెంటనే రెండు తాగితే ఆయన అంకె 76, ఆమె అంకె 116. ఆయన 30కి రావడానికి మూడు గంటలు పడితే, ఆమెకు దాదాపు అయిదు గంటలు పడుతుంది. చెరో రెండే కదా తాగాం, ఇద్దరిలో ఎవరు నడిపినా ఒకటే అని ఆ జంట అనుకుంటే అది తప్పు. ఇద్దరూ నడపకూడదన్నది మొదటి మాట. ఇద్దరి స్థితి ఒకటి కాదన్నది రెండో మాట.

ఈ అంకెలను ఇంట్లో లెక్క వేసుకుని బండి తీయవచ్చా అని ఎవరైనా అడిగితే, వద్దనే చెబుతాను. ఇవి పెగ్గు మొత్తం ఒక్కసారిగా ఒంట్లో కలిసిపోయిందనుకుని వేసిన లెక్కలు. నిజంగా మద్యం రక్తంలో గరిష్ఠ స్థాయికి చేరడానికి అరగంట నుంచి గంటన్నర పడుతుంది, కడుపు నిండి ఉంటే ఇంకా ఎక్కువ. తాగి లేచినప్పుడు బాగానే ఉన్న మనిషికి దారి మధ్యలో అంకె పెరుగుతూ ఉండవచ్చు. పైగా ఇంట్లో పోసుకునే పెగ్గు 60 మిల్లీలీటర్ల దగ్గర ఆగుతుందన్న నమ్మకం లేదు. మజ్జిగ తాగినా, నిమ్మరసం పిండుకున్నా, కాఫీ తాగినా, చన్నీళ్లు పోసుకున్నా కాలేయం వేగం పెరగదు. మెలకువగా ఉన్నట్టు అనిపిస్తుంది, అంతే. రక్తంలోని అంకె వాటివల్ల కదలదు.

ఇందాక చెప్పిన కెపాసిటీ మాట దగ్గరికి ఇప్పుడు వద్దాం. రోజూ తాగే మనిషి మెదడు ఆల్కహాల్‌కు అలవాటు పడుతుంది. అంకె 80 ఉన్నా మాట తడబడదు, నడక తూలదు. చూసేవాళ్లు అతనికి ఎక్కలేదనుకుంటారు, అతనూ అలాగే అనుకుంటాడు. కానీ రక్తంలో 80 ఉంటే కాలేయానికీ, గుండెకూ, పేగులకూ చేరేది ఆ 80యే. తూలకపోవడం మెదడు నేర్చుకున్న అలవాటు, ఒంటికి దొరికిన రక్షణ కాదు. అలాగే ఎప్పుడో ఒకసారి తాగిన ఆమె ఒక పెగ్గుకే తూలితే అది బలహీనత కాదు. ఆమె రక్తంలో నిజంగానే ఎక్కువ ఆల్కహాల్ ఉంది, ఆమె మెదడు ఆ సంగతిని ఉన్నదున్నట్టు చెబుతోంది.

ఈ లెక్క ఒక్క రాత్రితో ముగిసేది కాదు. ఒకే సంఖ్యలో పెగ్గులు, ఒకే సంఖ్యలో ఏళ్లు తాగిన ఆడా మగా ఇద్దరిలో కాలేయం ముందుగా, తీవ్రంగా దెబ్బతినేది సాధారణంగా ఆడవాళ్లకు. ఎందుకో మీరు ఇప్పటికే ఊహించి ఉంటారు. ప్రతి పెగ్గుకూ ఆమె కాలేయం ఎక్కువ గాఢమైన ఆల్కహాల్‌ను చూస్తుంది, ఎక్కువ సేపు చూస్తుంది. అయితే నీరు, బరువు చెప్పే కథ ఇక్కడ పూర్తిగా సరిపోదు, హార్మోన్ల పాత్ర కూడా ఉంది. ఆడవాళ్లలో రొమ్ము క్యాన్సర్ ముప్పు కొద్దిపాటి మద్యంతో కూడా పెరుగుతుంది. గర్భిణికైతే ఇంత తాగితే ఫరవాలేదని చెప్పదగిన మోతాదే లేదు. తల్లి రక్తంలోని ఆల్కహాల్ మాయ దాటి బిడ్డకు చేరుతుంది.

వైద్యుల దగ్గర కూడా ఈ తేడా గుర్తుండాలి. రోజుకు రెండు పెగ్గులని ఆయన చెప్పినా, ఆమె చెప్పినా కాగితం మీద ఒకేలా రాసుకుంటే సరిపోదు. అమెరికా ప్రభుత్వం 2020లో ఇచ్చిన ఆహార సూచనల్లో మగవాళ్లు రోజుకు రెండు డ్రింకులు, ఆడవాళ్లు ఒకటి మించవద్దని ఉంది. కానీ వాళ్ల డ్రింకు 14 గ్రాములు, మన పెద్ద పెగ్గు 20 గ్రాములు. విదేశీ వ్యాసంలో ఒకటి వరకు ఫరవాలేదని చదివి మన పెద్ద పెగ్గు ఒకటి తాగిన మహిళ, ఆ సూచన కొలతలో దాదాపు ఒకటిన్నర తాగినట్టు. పైగా ఆ దేశపు సగటు మహిళ బరువు మన సగటు మహిళ బరువుకంటే బాగా ఎక్కువ. ప్రపంచ ఆరోగ్య సంస్థ అయితే 2023లో, ఎవరికైనా ఇంతవరకు హాని లేదని చెప్పదగిన మోతాదు లేదనే ప్రకటించింది.

ఇంతవరకూ ఆడవాళ్లు, మగవాళ్లు అని రెండు గుంపులుగా మాట్లాడాను. నిజానికి ఆల్కహాల్ ఆడా మగా అని చూడదు. అది చూసేది నీటినే. వ్యాయామంతో కండ కట్టిన, పొడుగైన క్రీడాకారిణి పక్కన, పొట్టిగా ఉండి బాన పొట్ట పెరిగిన మగవాడిని నిలబెడితే లెక్క తారుమారు కావచ్చు. మగవాళ్లలో వయసుతో కండ తగ్గుతుంది, దానితో నీరూ తగ్గుతుంది. 35 ఏళ్లప్పుడు ఉన్న బరువే 65 ఏళ్లకూ ఉన్నా, ఆ మగవాడి ఒంట్లో నీరు సుమారు మూడు లీటర్లు తగ్గిపోతుంది. వయసులో ఉండగా నాలుగు పెగ్గులు తాగి నిలబడ్డాను అనే పెద్దాయనకు అవే నాలుగు పెగ్గులు ఇప్పుడు అంతకంటే గాఢంగా తగులుతాయి.

కల్లు గురించి కూడా రెండు మాటలు. కల్లులో ఆల్కహాల్ శాతం ఒకచోట నిలవదు. పొద్దున దించిన తీయని కల్లు సాయంత్రానికి పులిసి ఘాటెక్కుతుంది. అందువల్ల ఎన్ని గ్రాములు తాగామన్నది సీసా లెక్కతో తేలదు. అంతకంటే పెద్ద ప్రమాదం కల్తీ. చెట్టు నుంచి దించింది కాక, క్లోరల్ హైడ్రేట్, డయాజిపాం, ఆల్ప్రజోలం వంటి మత్తుమందులు కలిపిన కల్లు తాగినవాళ్లకు మనం వేసిన ఈ లెక్కలేవీ పనికిరావు. వాటి తీరు వేరు. డయాజిపాం కొవ్వులో కూడా చేరి రోజుల తరబడి ఒంట్లో ఉంటుంది. ఆల్కహాల్‌తో కలిస్తే ఊపిరి మందగిస్తుంది. తాగిన మనిషి పిలిస్తే పలకకపోయినా, ఊపిరి నెమ్మదించినా, పెదవులు నీలంగా మారినా, పడుకుని లేస్తే సరిపోతుందని వదిలేయకండి. పక్కకు తిప్పి పడుకోబెట్టి, 108కి ఫోన్ చేసి వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లండి. తక్కువ బరువున్న ఆడవాళ్ల విషయంలో ఈ జాగ్రత్త ఇంకా త్వరగా తీసుకోవాలి, ఎందుకంటే పక్కవాళ్లు తట్టుకున్న మోతాదే వాళ్ల ప్రాణం మీదికి తేవచ్చు.

విందుల్లో, స్నేహితుల మధ్య, అందరికీ సమానంగా పోయడం మర్యాద అనుకుంటాం. నాతో పాటు నువ్వూ రెండు తాగాలని పట్టుబడతాం. పోసింది సమానమే కావచ్చు, రక్తంలోకి చేరింది సమానం కాదు. 55 కిలోల మహిళను 70 కిలోల మగవాడితో పెగ్గుకు పెగ్గు తాగమనడమంటే, అతనికి రెండు పోసి ఆమెకు మూడు పోసినట్టే. అది తెలిశాక కూడా బలవంతం చేయడం మర్యాద అనిపించుకోదు. ఒకటి చాలు అని ఆమె గ్లాసు పక్కన పెడితే, ఆమె తన శరీరం లెక్క సరిగ్గా వేసుకుందని అర్థం. ఆ మాటను అక్కడితో గౌరవించండి. తాగినవాళ్లెవరూ, ఆడైనా మగైనా, ఆ రాత్రి బండి తాళాలు ముట్టుకోకుండా చూడండి.